హద్దులు రాసుకున్న కాగితం

ఉదయం పదిన్నరకి రౌండ్స్‌కి వచ్చిన డాక్టరుగారు కేస్ షీట్ తిరగేసి, "బాగానే ఉన్నారు, ఇవాళ ఇంటికెళ్లిపోవచ్చు" అంటారు. పెద్దాయన ముఖం వెలిగిపోతుంది. కూతురు ఫ్లాస్కూ దుప్పట్లూ సర్దేస్తుంది, ఊళ్లో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసి మధ్యాహ్నం భోజనానికి వచ్చేస్తామని చెబుతుంది. వాళ్లు ఆసుపత్రి గేటు దాటేసరికి సాయంత్రం నాలుగు.

ఆలస్యం ఎక్కడ జరిగిందని అడిగితే ప్రతి ఒక్కరి దగ్గరా నిజమైన జవాబే ఉంటుంది. డిశ్చార్జ్ సమ్మరీ రాయాల్సిన డ్యూటీ డాక్టరు ఎమర్జెన్సీలో ఇరుక్కుపోయాడు. వాడని మందులు ఫార్మసీకి తిరిగి పంపాల్సిన సిస్టరు ఆ సమయానికి కొత్తగా చేరిన రోగికి సెలైన్ పెడుతోంది. ఫార్మసీవాళ్లు, మందులు తమ దగ్గరికొచ్చిందే ఒంటిగంటకి అంటారు. ఫార్మసీ లెక్క తేలకుండా ఫైనల్ బిల్లు ఎలా వేస్తామని బిల్లింగ్ కౌంటర్ అడుగుతుంది. ఎవరి పని వాళ్లు చేశారు. ఒకరి బల్ల మీంచి ఇంకొకరి బల్ల మీదికి కాగితం వెళ్లే దారికి మాత్రం ఎవరూ యజమాని కాదు.

ఇలా ఐదారు విభాగాల మధ్య పడిపోయిన పనిని బాగుచేయాలంటే ముందు రాయాల్సిన కాగితాన్ని ప్రాజెక్టు చార్టర్ అంటారు. ప్రాజెక్టుల నిర్వహణకు ప్రమాణాలు రాసే అమెరికా సంస్థ పీఎంఐ చెప్పే అర్థం ప్రకారం, ప్రాజెక్టు ఉందని అధికారికంగా ఒప్పుకుని, సంస్థలోని మనుషుల్నీ వనరుల్నీ వాడుకునే అధికారాన్ని దాన్ని నడిపే మనిషికి ఇచ్చే పత్రం అది. సొంతంగా అధికారం లేని మనిషికి పైవాళ్లు రాసిచ్చిన అధికారమన్నమాట. క్వాలిటీ విభాగంలో పనిచేసే అమ్మాయి బిల్లింగ్ మేనేజర్‌కి పై అధికారి కాదు, సర్జన్‌కి అసలే కాదు. ఆమె చేతిలో ఉండేది ఆ కాగితం ఒక్కటే.

మన దగ్గర పొలం అమ్మకం దస్తావేజులో నాలుగు హద్దులూ రాస్తారు. తూర్పున ఫలానావారి చేను, దక్షిణాన పంట కాలువ, పడమర డొంక, ఉత్తరాన ఇంకొకరి తోట. హద్దులు సరిగా లేని దస్తావేజు ఎన్ని పేజీలున్నా తగాదాకే దారి తీస్తుంది. చార్టర్ కూడా అంతే. ఆశయాల గురించి ఎంత చక్కగా రాసినా, హద్దులు లేకపోతే అది మొదటి మీటింగ్‌లోనే చెల్లకుండా పోతుంది. రెండు పేజీల్లో పట్టే ఈ కాగితాన్ని ఎలా రాస్తారో ఒక ఆసుపత్రిని ఉదాహరణగా పెట్టుకుని చూద్దాం. ఇక్కడి ఆసుపత్రీ అంకెలూ వివరణ కోసం నేను వేసుకున్నవి. చిక్కులు మాత్రం ఆసుపత్రుల్లో పనిచేసినవాళ్లకి రోజూ తెలిసినవే.

రెండు వందల పడకల ప్రైవేటు ఆసుపత్రి. యాజమాన్యం క్వాలిటీ మేనేజర్‌ని పిలిచి, డిశ్చార్జ్ ఆలస్యం సంగతి చూడమంది. ఆమె మొదటి చిత్తులో ఇలా రాసింది: "బిల్లింగ్ విభాగం జాప్యం వల్ల, సరైన సాఫ్ట్‌వేర్ లేకపోవడం వల్ల రోగులు ఇబ్బంది పడుతున్నారు." ఈ ఒక్క వాక్యంలో రెండు తప్పులున్నాయి. ఒక విభాగాన్ని ముద్దాయిని చేసింది కాబట్టి బిల్లింగ్ మేనేజర్ మొదటి రోజు నుంచే తన వాళ్లని కాపాడుకునే పనిలో పడతాడు. సాఫ్ట్‌వేర్ లేదనడంలో పరిష్కారం ముందే నిర్ణయమైపోయింది. రేపు అసలు కారణం వేరే అని తేలినా, అందరూ కొటేషన్లు తెప్పించుకుంటూ కూర్చుంటారు.

అందుకని ఆమె ఆ చిత్తుని పక్కనపెట్టి, రెండు వారాలపాటు రెండు వార్డుల్లో, జనరల్ మెడిసిన్‌లోనూ జనరల్ సర్జరీలోనూ, ప్రతి డిశ్చార్జ్‌కీ ఒక చీటీ కట్టించింది. కాగితం ఏ బల్ల మీదికి ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి వెళ్లింది, అంతే. నూట నలభై చీటీలు పోగయ్యాయి. సొంత డబ్బు కట్టుకునే రోగుల చీటీలని తక్కువ సమయం నుంచి ఎక్కువకి వరుసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో ఉన్నది ఐదు గంటల పది నిమిషాలు. బీమా ఉన్నవాళ్లకి ఏడు గంటలు. అన్నిటికంటే ఎక్కువ సమయం తిన్నది బిల్లు కాదు. సమ్మరీ రాసి, కన్సల్టెంటు చేత సంతకం పెట్టించడానికే రెండు గంటలకు పైగా పడుతోంది.

ఇప్పుడు సమస్య వాక్యం మారింది: "ఈ రెండు వార్డుల్లో, డాక్టరు ఇంటికి పంపవచ్చని రాసిన దగ్గర్నుంచి రోగి వార్డు దాటేదాకా, సొంత డబ్బు కట్టేవారికి ఐదు గంటల పది నిమిషాలు, బీమా ఉన్నవారికి ఏడు గంటలు పడుతోంది. ఈ సమయంలో పడక ఖాళీ కాక, ఎమర్జెన్సీలో చేరినవారు స్ట్రెచర్ మీదే వేచి ఉంటున్నారు." ఎవరి పేరూ లేదు, మందూ లేదు. జబ్బు ఎక్కడుందో, ఎంతుందో మాత్రమే ఉంది.

ఆ వాక్యంలో "రాసిన దగ్గర్నుంచి" అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. గడియారం ఎప్పుడు మొదలవుతుందన్నది చిన్న వివరంలా కనిపిస్తుంది కానీ, నా దృష్టిలో చార్టర్‌లో ఎక్కువసేపు వాదించుకోవాల్సింది దాని గురించే. కూతురి లెక్కలో గడియారం డాక్టరు నోటిమాటతో మొదలైంది. కేస్ షీట్‌లో రాయడం అరగంట తర్వాత జరిగి ఉండొచ్చు. కంప్యూటర్లో డిశ్చార్జ్ ఆర్డరు పెట్టడం ఇంకా ఆలస్యం కావచ్చు. బిల్లింగ్‌వాళ్ల లెక్కలో ఫైలు తమ దగ్గరికి వచ్చినప్పుడే మొదలు. ఒకే రోగికి నాలుగు మొదళ్లు, నాలుగు వేర్వేరు ఆలస్యాలు. ఏది కొలుస్తున్నామో రాసుకోకపోతే ప్రతి విభాగమూ తనకి అనుకూలమైన గడియారం పట్టుకుని మీటింగ్‌కి వస్తుంది.

కంప్యూటర్లో ఆర్డరు పెట్టిన సమయం తీసుకుంటే కొలవడం తేలికే. కానీ కొలుస్తున్నారని తెలిశాక, ఆర్డరు పెట్టడమే ఆలస్యమవుతుంది. సమ్మరీ సిద్ధమయ్యాక, మందులు లెక్క తేలాక, అన్నీ అయ్యాక తీరిగ్గా బటన్ నొక్కుతారు. రిపోర్టులో డిశ్చార్జ్ గంటన్నరకి దిగుతుంది, రోగి మాత్రం నాలుగింటికే వెళ్తాడు. దీన్ని పట్టుకునే దారి ఒకటుంది. రౌండ్ అయిన సమయానికీ ఆర్డరు సమయానికీ మధ్య దూరాన్ని కూడా గమనిస్తూ ఉండాలి. డిశ్చార్జ్ సమయం తగ్గుతూ ఈ దూరం పెరుగుతుంటే, బాగుపడింది అంకెలేనని అర్థం. మన మేనేజర్ కేస్ షీట్‌లో కన్సల్టెంటు సమయంతో సహా రాసే మాటని మొదలుగా తీసుకుంది. దాన్ని సిస్టరు తన రౌండ్స్ పుస్తకంలోని సమయంతో సరిచూడాలని చార్టర్‌లోనే చేర్చింది.

చివర ఎక్కడ? బిల్లు కట్టగానే అయిపోయిందని ఒకరు, పడక శుభ్రం చేసి కొత్త రోగికి సిద్ధం చేసేదాకా అని ఇంకొకరు అన్నారు. రోగి వార్డు గడప దాటడాన్ని చివరగా నిర్ణయించారు. పడక శుభ్రం చేసే పని హౌస్‌కీపింగ్‌ది, దానికి వేరే సిబ్బంది, వేరే షిఫ్టులు. అది హద్దుకి అవతల.

హద్దుకి అవతల ఏముందో రాయడం చాలామందికి మనసొప్పదు. చేయబోయేది రాసుకుంటే చాలదా అనుకుంటారు. చాలదు. రాయకుండా వదిలేసినదాన్ని ప్రతివాళ్లూ తమకి కావలసినట్టు లోపలే ఉందనుకుంటారు. ఈ చార్టర్‌లో బయట పెట్టినవాటికి పక్కనే కారణం కూడా రాశారు. డాక్టరు వద్దన్నా వెళ్లిపోయేవారు, పోలీసు కేసులు, చనిపోయినవారి అప్పగింత, వీటి కాగితాలు వేరు, వీటిలో వేగం కంటే చట్టం ముఖ్యం కాబట్టి బయట. ఆరోగ్యశ్రీ రోగులు బయట, ఆ పద్ధతి వేరు కాబట్టి ముందు రెండు వార్డుల్లో దీన్ని నిలబెట్టి చూద్దామన్నారు. కొత్త సాఫ్ట్‌వేర్ కొనడం బయట, ఈ మూడు నెలల్లో ఉన్నదానితోనే పని జరగాలి.

బీమా దగ్గర హద్దు గీయడం కష్టమైంది. ఇన్సూరెన్స్ డెస్క్ ఆయన మొదటి మాటే, "అది మా చేతుల్లో లేదండీ, కంపెనీవాళ్ల దగ్గర ఆగుతుంది" అని. ఆయన చెప్పింది సగం నిజం. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మే నెలలో ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం, ఆసుపత్రి నుంచి డిశ్చార్జ్ అనుమతి కోరుతూ విన్నపం అందిన 3 గంటల్లోపు బీమా కంపెనీ తుది అనుమతి ఇవ్వాలి. అంతకంటే ఆలస్యమై ఆసుపత్రి అదనంగా డబ్బు వసూలు చేస్తే ఆ మొత్తాన్ని కంపెనీయే భరించాలి. ఆ 3 గంటల గడియారం మొదలయ్యేది మాత్రం విన్నపం అందాకే. ఫైనల్ బిల్లూ సమ్మరీ పంపడానికి ఆసుపత్రి తీసుకునే సమయం, కంపెనీ ఏదైనా సందేహం అడిగితే జవాబివ్వడానికి పట్టే సమయం, ఈ రెండూ ఆసుపత్రి చేతిలోవే. కాబట్టి గీత మధ్యలో పడింది. కంపెనీ ఆలోచించుకునే సమయం బయట. పంపడం, జవాబివ్వడం లోపల. ఆ గీత రాసిన రోజే ఇన్సూరెన్స్ డెస్క్ ఆయన కుర్చీ కాస్త ముందుకి జరుపుకున్నాడు. తన వల్ల కానిదాన్ని తన నెత్తిన వేయరని ఆయనకి నమ్మకం కుదిరింది.

ఇక స్పాన్సర్. ఈ పనికి పైన నిలబడి అండగా ఉండే పెద్ద. సాధారణంగా ఎవరి పదవి పెద్దదైతే వారి పేరు రాసేస్తారు. అడగాల్సింది వేరే ప్రశ్న: ఈ ప్రాజెక్టు వల్ల ఎవరెవరి పని మారాలి, వాళ్లందరికీ మాట చెప్పగలిగేది ఎవరు? ఈ ఆసుపత్రిలో బిల్లింగ్, ఫార్మసీ, ఇన్సూరెన్స్ డెస్క్ ఆపరేషన్స్ హెడ్ కింద ఉన్నాయి. అందుకని మొదట ఆయన పేరే అనుకున్నారు. కానీ చీటీలు చెప్పిందేమిటి? ఎక్కువ ఆలస్యం సమ్మరీ దగ్గర, అంటే డాక్టర్ల దగ్గర. వాళ్లు మెడికల్ డైరెక్టర్ మాట వింటారు తప్ప ఆపరేషన్స్ హెడ్ మాట వినరు. ఇద్దరి పేర్లూ రాద్దామని ఎవరో అన్నారు. ఇద్దరు స్పాన్సర్లుంటే ఒకరు కాదన్నది ఇంకొకరి దగ్గర అడిగి తెచ్చుకోవడం మొదలవుతుంది. పేరు ఒకటే ఉండాలి. మేనేజర్ మెడికల్ డైరెక్టర్ గదికి వెళ్లింది.

"సార్, స్పాన్సర్‌గా మీ పేరు రాయాలనుకుంటున్నాను."

"రాసుకోమ్మా, దానికేముంది."

"రాస్తే మీరు మూడు పనులు చేయాలి సార్. పదిహేను రోజులకొకసారి అరగంట కూర్చోవాలి. రెండు విభాగాలకి పేచీ వస్తే రెండు రోజుల్లో తేల్చాలి. సమ్మరీలు ముందురోజు సాయంత్రమే చిత్తు రాసి ఉంచమని డ్యూటీ డాక్టర్లకి మీరే చెప్పాలి."

ఆయన కొంచెంసేపు మాట్లాడలేదు. "మూడోది కష్టం. సాయంత్రం షిఫ్టులో మనుషులు తక్కువ."

"అందుకే అడుగుతున్నాను సార్. నేను చెబితే అది జరగదు."

"ఒక డ్యూటీ డాక్టర్ని సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా ఈ రెండు వార్డులకే కేటాయిస్తాను. మూడు నెలలు. తర్వాత చూద్దాం. అది కూడా రాయి."

ఆ బేరంతోనే ఆయన నిజంగా స్పాన్సర్ అయ్యారు. మొదటి మాటకే ఒప్పుకుని ఏమీ అడగని స్పాన్సర్‌ని చూసి జాగ్రత్తపడాలి. ఏం ఇస్తున్నాడో తెలియని మనిషి అడిగిన రోజున ఇవ్వడు. ఆపరేషన్స్ హెడ్‌ని వదిలేయలేదు. తన విభాగాల నుంచి ఫలానా ముగ్గురిని వారానికి మూడు గంటలు ఈ పనికి వదులుతానని ఆయన కింద సంతకం చేశారు. నర్సింగ్ సూపరింటెండెంట్ కూడా చేశారు. టీమ్‌లో పేరుంటే సరిపోదు. మామూలు డ్యూటీ తగ్గించకుండా పేరు మాత్రం రాస్తే, ఆ సిస్టరు రెండో వారం నుంచి మీటింగ్‌కి రాదు, అందులో ఆమె తప్పు కూడా ఉండదు.

గెలిచామని ఎలా తెలుస్తుంది? "డిశ్చార్జ్ వేగవంతం చేయడం" అని రాస్తే ఎప్పటికీ గెలిచినట్టే, ఎప్పటికీ ఓడినట్టే. సొంత డబ్బు కట్టేవారిలో సగంమంది 3 గంటల్లోపు, పదిమందిలో తొమ్మండుగురు నాలుగున్నర గంటల్లోపు వార్డు దాటాలని రాశారు. సగటు ఎందుకు తీసుకోలేదంటే, పదిమందిలో ఒకరు పన్నెండు గంటలు ఇరుక్కున్నా సగటులో ఆ మనిషి కనపడకుండా పోతాడు. ఆ మనిషి కోసమే ఈ రెండో అంకె. బీమా ఉన్నవారి విషయంలో, డాక్టరు రాసిన గంటన్నరలో విన్నపం కంపెనీకి చేరాలి. ఇవి వరసగా నాలుగు వారాలు నిలబడాలి. ఒక్క మంచి వారం చూసి చప్పట్లు కొట్టకూడదని దాని అర్థం. కొలిచేది క్వాలిటీ విభాగం, బిల్లింగ్ కాదు.

వీటి పక్కనే, చెడిపోకూడనివి కూడా రాశారు. నాకు ఈ భాగం లేని చార్టర్‌ని చూస్తే భయం. తొందరపెడితే సమ్మరీలో మందు మోతాదు తప్పు పడొచ్చు. ఇంటికెళ్లాక మందులు ఎలా వేసుకోవాలో సిస్టరు చెప్పే పది నిమిషాలు రెండు నిమిషాలు కావచ్చు. అందుకని వారానికి ఇరవై సమ్మరీలు తీసి ఒక సీనియర్ డాక్టరు చదవాలి. డిశ్చార్జ్ అయిన 3 రోజుల్లో మళ్లీ చేరినవారి సంఖ్య పెరగకూడదు. ఇవి రెండు వారాలు వరసగా పాడైతే పని ఆపి, స్పాన్సర్ దగ్గరికి వెళ్లాలి.

టీమ్ తనంతట తాను ఏం మార్చవచ్చో కూడా ఒక వాక్యంలో తేల్చారు. ఫారాలు, పనుల వరస, ఎవరు ఎప్పుడు ఎవరికి ఫోన్ చేయాలన్నది టీమ్ ఇష్టం. మనుషుల సంఖ్య, షిఫ్టులు, డబ్బుకి సంబంధించినదేదైనా స్పాన్సర్‌ని అడగాలి. ముగింపు తేదీ వేశారు.

నాలుగో వారంలో రెండు సంగతులు జరిగాయి. అడ్మిషన్ కౌంటర్ దగ్గర కూడా రద్దీగానే ఉందని, ఎలాగూ టీమ్ ఉంది కదా అది కూడా చూడమని ఆపరేషన్స్ హెడ్ అన్నారు. మేనేజర్ వాదించలేదు. కాగితం తీసి హద్దులు చూపించింది. అది మంచి పనేనని, దానికి వేరే చార్టర్ కావాలని, ఇప్పుడే కలిపితే ముగింపు తేదీ ఎంత జరపాలో కూడా రాసి సంతకం చేయమని అడిగింది. ఆయన నవ్వి, తర్వాత చూద్దామన్నారు.

రెండోది అంత తేలికగా తెగలేదు. చీటీలు మళ్లీ చూస్తే సర్జరీ వార్డులో విచిత్రం కనిపించింది. డాక్టరు రాసిన దగ్గర్నుంచి సమయం బాగా తగ్గింది, కానీ రోగులు బయటికి వెళ్లే వేళ పెద్దగా మారలేదు. కారణం గడియారానికి ముందుంది. కన్సల్టెంటు రౌండ్‌కి వచ్చేసరికి పొద్దున తీసిన రక్తపరీక్ష రిపోర్టు రాదు. అది చూడకుండా పంపవచ్చని రాయరు. ఆపరేషన్ థియేటర్‌కి వెళ్లి, రెండింటికి తిరిగొచ్చాక రాస్తారు. ఆ మూడు గంటలూ కాగితంలోని హద్దుకి అవతలే ఉన్నాయి. ల్యాబ్ నుంచి టీమ్‌లో ఎవరూ లేరు.

అడ్మిషన్ని కాదన్న మేనేజర్ దీన్ని కాదనలేదు. అడ్మిషన్ వేరే సమస్య. ఇది ఇదే సమస్య, తన గీతే తప్పు చోట పడింది. ఆమె చీటీలు పట్టుకుని స్పాన్సర్ దగ్గరికి వెళ్లింది. డిశ్చార్జ్ కావచ్చని ముందురోజు సాయంత్రం గుర్తించిన రోగుల రక్తనమూనాలని తెల్లవారి ఆరింటికే తీసి, రౌండ్‌కి ముందే రిపోర్టు ఇవ్వడాన్ని లోపలికి తెచ్చారు. ల్యాబ్ ఇన్‌చార్జి పేరు చేర్చారు. మిగతా ల్యాబ్ పనులన్నీ బయటే అని పక్కనే రాశారు. ముగింపు తేదీ మూడు వారాలు జరిగింది. పాత కాగితాన్ని చింపలేదు. దాని వెనకే కొత్తది పెట్టి, పైన "రెండో ప్రతి" అని రాసి, ఏం మారిందో ఎందుకు మారిందో రెండు వాక్యాల్లో చెప్పి, మొదట సంతకాలు చేసినవాళ్ల చేతా కొత్తగా చేరిన ల్యాబ్ ఇన్‌చార్జి చేతా సంతకాలు పెట్టించింది.